మళ్ళీ కలుద్దాం అన్నందుకు

తూనికలు కొలతల కార్యాలయం నుంచి ఎవరు వెళ్లిపోయినా చట్రం కట్టించిన వీడ్కోలు పత్రం ఒకటి ఇస్తారు. పత్రంలో పైభాగమంతా అందరికీ ఒకటే. నిజాయితీ, సమయపాలన, చెరగని చిరునవ్వు. మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చి సంతకం పెట్టేవాడికీ సమయపాలనే. మారేది చివరి పంక్తి ఒక్కటి. దాన్ని నిర్ణయించే బరువు పెద్ద గుమాస్తాది. అందుకే ఆఫీసంతా ఆయన్ని ముక్తాయింపుగారు అనేది.

ఇనుపగుండును తూచినట్టే ఆయన మాటనూ తూచేవాడు. పై ఆఫీసుకు బదిలీ అయ్యేవాళ్లకు ‘మళ్ళీ కలుద్దాం’. రేపు ఫైలు పట్టుకుని వాళ్ల గుమ్మం ఎక్కక తప్పదు గనుక అందులో అబద్ధం లేదు. పని పడొచ్చు, పడకపోవచ్చు అనిపించే వాళ్లకు ‘టచ్‌లో ఉండండి’. దీని సొగసు ఏమిటంటే, ఫోను చేసే బాధ్యత పోయేవాడి నెత్తిన పడుతుంది. చెయ్యకపోతే తప్పు అతనిదే. రిటైరయ్యేవాళ్లకు ‘మీ క్షేమాన్ని ఆకాంక్షిస్తూ’. ఆకాంక్షించడానికి కుర్చీలోంచి లేవనక్కర్లేదు. ‘త్వరలో’ అన్న ముక్క మాత్రం అధికారి అనుమతి లేనిదే చేర్చరాదు. లంచం తీసుకుంటూ దొరికిపోయిన ఇన్‌స్పెక్టరు పత్రంలో టైపిస్టమ్మాయి ‘మీరు చూపిన బాటలో’ అని టైపు కొట్టేస్తే, సమయానికి చూసి ఆఫీసు పరువు కాపాడింది కూడా ఆయనే.

చివరికి ఆయన వంతూ వచ్చింది. ఏరు దాటాక తెప్ప ఏమవుతుందో అందరికంటే బాగా తెలిసిన మనిషికి, తను తెప్పనన్న సంగతి అప్పుడు తట్టింది. నిద్ర పట్టలేదు.

“ఇంట్లో నేనున్నాగా మాట్లాడ్డానికి” అంది భార్య.

“నీతో మాట్లాడితే నువ్వే మాట్లాడతావు.”

పత్రం ఖాయం చెయ్యడానికి అధికారి గదిలో సమావేశం జరిగింది. పాతికేళ్లు ఆయనతో ఒకే బల్ల దగ్గర టీ తాగిన అకౌంటెంటు గొంతు సవరించుకున్నాడు.

“గురువుగారూ, మీరు పెట్టిన పద్ధతి ప్రకారం మీకు ఆకాంక్షే వస్తుంది.”

“తెలుసు. నాకు ‘మళ్ళీ కలుద్దాం’ కావాలి.”

“పెద్ద కోరికేమీ కాదనుకోండి. కానీ పద్ధతి...”

“ఇన్నాళ్లూ వండిపెట్టినవాడికి ఓ ముద్ద పెట్టరా?”

అధికారి లేచి నిలబడ్డాడు. “పెద్ద గుమాస్తాగారు ఈ కార్యాలయానికి వెన్నెముక. వెన్నెముకకు ఎవరైనా క్షేమం కోరి ఊరుకుంటారా? కలుద్దాం అనే అందాం. ఖర్చేముంది?”

అందరూ చప్పట్లు కొట్టారు. ముక్తాయింపుగారి కళ్లు చెమర్చాయి.

సోమవారం ఉదయం ఆయన ఆఫీసుకు వచ్చాడు.

“ఏదైనా మర్చిపోయారా సార్?” అంది టైపిస్టమ్మాయి.

“లేదమ్మా.”

“పెన్షన్ కాగితాల గురించా?” అన్నాడు అకౌంటెంటు.

“అవి ఎప్పుడో అయిపోయాయిగా.”

“మరి?”

“కలవడానికొచ్చాను. రాశారుగా.”

ఆఫీసు పుట్టాక ఆ పంక్తిని చదివి నిజంగా వచ్చిన మనిషి లేడు. టీ తెప్పించారు. ఆయన నెమ్మదిగా తాగాడు. మంగళవారం కూడా వచ్చాడు. బుధవారానికి అధికారి తనిఖీకి వెళ్లిపోయాడు. అకౌంటెంటు గుండ్లు లెక్కపెట్టే మిషతో స్టోరుగదిలో దూరి, తలుపు సందులోంచి పాత స్నేహితుడి చెప్పులు కదిలాయా లేదా అని చూస్తూ కూర్చున్నాడు. రమ్మన్నది తామే, పొమ్మనలేరు. వారమంతా అలాగే గడిచాక కార్యాలయం ఒక ఉత్తర్వు వెలువరించింది. ‘మళ్ళీ కలుద్దాం అను వాక్యమును కొందరు చదువుచున్నట్లు మా దృష్టికి వచ్చినందున, ఇకపై దానిని వాడరాదు. ఇదివరకు ఇచ్చిన పత్రములు సరిచేయబడును.’

సరిచెయ్యడానికి టైపిస్టమ్మాయిని ఆయన ఇంటికి పంపారు. ఆమె తలెత్తకుండా చట్రం విప్పి, చివరి పంక్తి మీద కాగితం ముక్క ఒకటి అంటించింది. ‘మీ క్షేమాన్ని ఆకాంక్షిస్తూ.’

ఆయన కళ్లజోడు పెట్టుకుని, పత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

“అతుకు తెలియకుండా అంటించావు. పని నేర్చుకున్నావమ్మా.”

“మీరు నేర్పిందే కదండీ.” ఆమె గుమ్మం దగ్గర చెప్పులేసుకోసాగింది. “వెళ్లొస్తానండీ.”

“ఎప్పుడొస్తావు?”

ఒక కాలికే చెప్పుతో ఆమె అలాగే నిలబడిపోయింది. ఆయన వెటకారంగా అడగలేదు. గోడకున్న క్యాలెండరు దించి, పెన్ను మూత తీసి, ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

పెద్దమనిషి అయ్యుండి అంత మాట అడగవచ్చునా అని ఆఫీసులో నేటికీ చెప్పుకుంటున్నారు. తమరు కూడా నిన్నో మొన్నో ఎవరి గుమ్మంలోనో ‘వెళ్లొస్తాను’ అనే ఉంటారు. ఎందుకైనా మంచిది, ఓ తేదీ అనుకుని ఉంచుకోండి.