ఆట కట్టిన మాస్టారు

శనివారం పొద్దున ఆరున్నరకు పూర్ణచంద్రరావు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడివాడలో పాసింజరు ఎక్కాలి. బందరులో దిగాలి. కాలేజీ వార్షికోత్సవంలో అరగంట మాట్లాడాలి. సాయంత్రంలోగా ముప్ఫయిమంది విద్యార్థుల చేత ఒక కాగితం మీద పేర్లు రాయించుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందో ఆయనకు అర్థం కాలేదు. పాపం, చెడిపోయేవన్నీ ముందు అలాగే కనిపిస్తాయి.

ఆయన బందరు కాలేజీలో లెక్కల లెక్చరరు. బల్ల మీద ఆడే ప్రతి ఆటనూ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి పుట్టించారనీ, ఆ పుట్టించడంలో లెక్క, బొమ్మ, కథ, వడ్రంగం అన్నీ ఉన్నాయనీ, అది కుర్రాళ్ళు శ్రద్ధగా నేర్వాల్సిన విద్య అనీ ఆయన నమ్మకం. ఆ విద్యకు కెమిస్ట్రీ ల్యాబు వెనక ఖాళీ గది ఇప్పించమని ఆరేళ్ళుగా అడుగుతున్నారు. "ఆటలకి డ్రిల్లు మాస్టారున్నారు కదండీ" అని ప్రిన్సిపాల్ గోవర్ధనరావు గారు ఆరేళ్ళుగా అంటున్నారు. ఈసారి మాత్రం విసిగిపోయి ఒక మాట ఇచ్చారు. శనివారం సాయంత్రానికి ముప్ఫయి పేర్లు తెస్తే గది ఆయనది. తేకపోతే సోమవారం వడ్రంగులొచ్చి అందులో పాత జవాబు పత్రాలకు అరలు కొట్టేస్తారు.

"ఉపన్యాసానికి పేరేం పెట్టారు?" అని ఇడ్లీ వడ్డిస్తూ అడిగింది ఆయన భార్య సులోచన.

"ఆట కట్టడం."

ఆవిడ గరిటె ఆగిపోయింది. "అదేంటండీ! ఆట కట్టడమంటే ఇంక ఆట అయిపోయిందనేగా? చదరంగంలో రాజు చిక్కితే ఆట కట్టు అనరూ?"

"ఇల్లు కడతాం, పాట కడతాం. ఆట ఎందుకు కట్టకూడదు?"

"ఆట తయారీ అనొచ్చుగా."

"తయారీ అంటే అప్పడాల తయారీలా ఉంటుందే!"

మాటల దగ్గర పట్టింపు ఎక్కువున్నవాళ్ళకు భార్య మాట చెవికెక్కదు. ఆయన సంచీ తీసుకుని బయల్దేరారు.

బందరు స్టేషన్లో మొయినుద్దీన్ సాయిబు మూటతో ఎదురు చూస్తున్నాడు. కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కడం ఆయన పని. మాస్టారు కట్టిన ఆటకు టేకు పడవలు చెక్కిందీ, దుప్పటంత గుడ్డ మీద సముద్రాన్ని గళ్ళు గళ్ళుగా అద్దిందీ ఆయనే. ఒడ్డున పడే 'హంసలదీవి' అన్న అక్షరాలను అచ్చు మీద తిరగేసి చెక్కడానికే వారం పట్టింది. ఈ విద్యను నమ్మినవాడు బందరు మొత్తంలో ఆయనొక్కడే. ఆయన ముఖం కూడా ఆవేళ వాడిపోయి ఉంది.

"మాస్టారూ, కాలేజీ గోడ చూడలేదు కదా మీరు?"

"ఏముంది సాయిబుగారూ?"

"మీ పేరే ఉందండీ. దాని పక్కన డౌన్ డౌన్ అని ఉంది."

జరిగిందేమిటంటే, 'ఆట కట్టడం' అన్న కాగితం ప్రిన్సిపాల్ గారి బల్ల మీదకు చేరింది. హాస్టల్లో పేకాట ముదిరిపోయి ఆయనకు రెండు నెలలుగా నిద్ర లేదు. కాగితం చూడగానే ప్రాణం లేచొచ్చింది. కాకపోతే వ్యాకరణం నచ్చలేదు. ఎర్ర సిరాతో 'కట్టడం' కొట్టేసి 'కట్టించడం' అని దిద్దారు. దాని ముందు 'అల్లరి విద్యార్థుల' అని చేర్చారు. దాన్ని అచ్చు వేయించి, రెండు వందల మంది తల్లిదండ్రులకు పోస్టు చేశారు. హాస్టలు కుర్రాళ్ళకు సంగతి తెలిసి సమావేశాన్ని బహిష్కరించారు.

మాస్టారు పరుగెత్తుకుంటూ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు.

"సార్, చిన్న పొరపాటు..."

"పొరపాటు నాదేనండీ!" అని గోవర్ధనరావు గారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆరేళ్ళుగా మీరు ఆటలు ఆటలు అంటుంటే ఆడించడానికనుకున్నాను. ఆపడానికని ఒక్క ముక్క చెప్పారా? పదండి, హాలు కిటకిటలాడిపోతోంది."

హాలు నిజంగానే కిటకిటలాడుతోంది. అవనిగడ్డ, మొవ్వ, హంసలదీవి నుంచి మొదటి బస్సుకే వచ్చిన తల్లులూ తండ్రులూ బెంచీల మీద కూర్చున్నారు. విద్యార్థి అన్నవాడు లోపల ఒక్కడూ లేడు. అందరూ బయట కిటికీల దగ్గర నిలబడి డౌన్ డౌన్ అంటున్నారు. ముప్ఫయి పేర్లు ఎక్కడి నుంచి తేవాలి? ఆరేళ్ళ ఆశ పూర్ణచంద్రరావు గారి కళ్ళ ముందే కూలిపోతోంది. అయినా లేచి మైకు ముందు నిలబడ్డారు. రాసుకొచ్చింది తప్ప ఆయనకు వేరే ఏం చెప్పాలో తెలియదు.

"ఆట కట్టడమంటే ఆషామాషీ కాదు!" అన్నారు.

చప్పట్లు మోగిపోయాయి.

"దానికి ఓర్పు కావాలి. ఒకసారి కట్టి, ఆడించి చూసి, ఎక్కడ చెడిందో పట్టుకుని, విప్పి మళ్ళీ కట్టాలి."

"బాగా కట్టండయ్యా, విప్పద్దు!" అని వెనక నుంచి ఎవరో పెద్దాయన అరిచాడు.

ఉదాహరణ ఇద్దామని మాస్టారు జేబులోంచి రెండు పాచికలు తీశారు.

"ఓరి నాయనో! అయ్యవారి జేబులోనే ఉన్నాయిరా!" అన్నాడు అదే పెద్దాయన.

"ఇది జూదం కాదండీ, లెక్క!" అని మాస్టారు బతిమాలుతున్నట్టు అన్నారు. "రెండు పాచికలు ముప్ఫయ్యారు విధాలుగా పడతాయి. అందులో ఏడు ఆరు విధాలుగా వస్తుంది, పన్నెండు ఒకే ఒక్క విధంగా వస్తుంది. సగటు ఏడు. అందుకే నా ఆటలో చేపలున్న చోటు ఒడ్డు నుంచి పద్నాలుగు గళ్ళ దూరంలో పెట్టాను. పోవడానికి సుమారు రెండుసార్లు వేయాలి, రావడానికి రెండుసార్లు. దూరం పెంచితే విసుగు, తగ్గిస్తే చప్పన. ఇది ఊరికే తోచదు. నాకు మూడు నోటు పుస్తకాలు పట్టింది."

మొయినుద్దీన్ సాయిబు గుడ్డ పరిచాడు. అద్దకం చూసి ముందు వరస వాళ్ళు అబ్బో అన్నారు. ఆట చాలా తేలిక. పాచికలు వేసి పడవను నడపాలి. చేపల గడి చేరి వెనక్కి వస్తే ఆరు చేపలు. వేసిన ప్రతిసారీ పన్నెండు గాలి చీటీల్లోంచి ఒకటి తీయాలి. మూడు నల్లవి. నల్లది వస్తే గాలివాన, సముద్రం మీదున్న పడవ మునిగి పది చేపలు నష్టం, మళ్ళీ ఒడ్డు నుంచి మొదలు. చీటీని మళ్ళీ కట్టలో కలిపేయాలి. ఇరవై చీటీలు తీసేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళది గెలుపు.

ఆడటానికి ముగ్గురొచ్చారు. మొయినుద్దీన్ సాయిబు, మొవ్వ రైతు పున్నయ్య, హంసలదీవి నుంచి వచ్చిన కోటయ్య. కోటయ్యది చేపల వేట. కొడుకు రాంబాబు బీయస్సీ చదువుతూ ఆ క్షణాన కిటికీలో వేలాడుతూ డౌన్ డౌన్ అంటున్నాడు.

సాయిబు పడవ వెళ్ళింది, మునిగింది. పున్నయ్య పడవ వెళ్ళింది, మునిగింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ మునిగింది. కోటయ్య మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"వెయ్యండి కోటయ్యగారూ" అన్నారు మాస్టారు.

"వద్దండీ. నేనెళ్ళను."

"వెళ్ళకపోతే చేపలెలా వస్తాయి?"

"ఇన్ని నల్లచీటీలున్న రోజున మా ఊళ్ళో ఎవడూ వేటకెళ్ళడండీ. ఉప్పెన నాడు మా అన్న ఎళ్ళాడు." ఆయన పడవ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. "నేనెళ్ళలేదు. అందుకే ఇలా మీటింగుకొచ్చాను."

ఇరవయ్యో చీటీ తీసేసరికి సాయిబుకు పది తక్కువ, పున్నయ్యకు ఇరవై తక్కువ, కోటయ్యకు సున్నా. కోటయ్య గెలిచాడు. కదలకుండా గెలిచాడు.

పూర్ణచంద్రరావు గారు చీటీల కట్ట చేతిలోకి తీసుకున్నారు. పాచికలకు మూడు పుస్తకాలు నింపిన మనిషి చీటీల లెక్క వేయలేదు. ఇప్పుడు వేశారు. ప్రతిసారీ తెల్లది రావడానికి నాలుగింట మూడు. వరసగా నాలుగుసార్లు రావడానికి రెండువందల యాభయ్యారింట ఎనభయ్యొకటి, అంటే మూడోవంతు కూడా లేదు. ఆరు చేపల కోసం పది పోగొట్టుకునే సముద్రంలోకి తెలివున్నవాడు ఎవడు దిగుతాడు? ఇంట్లో ఆడించిన ప్రతిసారీ అందరూ మర్యాదకు దిగారు. ఏడుపొక్కటే తక్కువై ఆయన కుర్చీలో కూలబడ్డారు.

కిటికీల దగ్గర నినాదం ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు.

"మాస్టారూ, రెండు నల్లవి తీసేయండి!" అని రాంబాబు అరిచాడు.

"తీస్తే భయమేముందిరా? చేపలు పెంచాలి!" అని పక్కవాడు అరిచాడు.

"ఒడ్డున కూర్చున్నవాడికి ఆకలి పెట్టండి! ప్రతిసారికీ ఒక చేప తగ్గించండి!"

"రెండు పడవలు పక్కపక్కనుంటే ఒకదాన్నొకటి కాపాడుకోవాలి. మా నాన్నోళ్ళు అలాగే ఎళ్తారు!"

మాస్టారికి అరుపులే వినిపించాయి గానీ మాటలు వినిపించలేదు. ప్రిన్సిపాల్ గారికి అల్లరి మూక దాడి వినిపించింది. ఆయన మైకు లాక్కుని "జనగణమన" అన్నారు. అంతే, చేతులు ఊపుతున్నవాడు ఊపుతున్నట్టే, నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయారు. గీతం అయ్యేలోగా వాచ్‌మన్ కిటికీలన్నీ మూసేశాడు.

ఇంతలో తల్లిదండ్రులు పోతూ పోతూ బల్ల మీది కాగితం చూశారు. 'ఆట కట్టడంలో చేరదలచినవారు' అని ఉంది. కొడుకుల మీద అర్జీ అనుకుని శ్రద్ధగా సంతకాలు చేశారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. మొత్తం నూట పన్నెండు. విద్యార్థి పేరు ఒక్కటీ లేదు.

"మన పని అయిపోయింది సాయిబుగారూ" అన్నారు మాస్టారు. మొయినుద్దీన్ సాయిబు పడవలు ఒక్కొక్కటే తుడిచి మూట కట్టాడు. ఆదివారమంతా పూర్ణచంద్రరావు గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. సులోచన 'నేను ముందే చెప్పాను' అనలేదు, అందుకు ఆయనకు ఇంకా బాధేసింది.

సోమవారం వడ్రంగులు రాలేదు. నూట పన్నెండు సంతకాలు చూసి ప్రిన్సిపాల్ గారు కరిగిపోయి, కెమిస్ట్రీ ల్యాబు వెనక గది మాస్టారికే రాసిచ్చారు. తలుపు మీద బోర్డు కూడా వేయించారు: 'పేకాట నిర్మూలన శిక్షా విభాగం'. హాస్టల్లో పేకముక్కలతో దొరికినవాడు నెలరోజులు రోజూ సాయంత్రం రెండు గంటలు అందులో పూర్ణచంద్రరావు గారి ఎదుట కూర్చోవాలి. శిక్ష పడనివాడికి ప్రవేశం లేదు.

ఆ బోర్డు కింద కూర్చుని మాస్టారు రెండు చేతుల్లో తల పెట్టుకున్నారు. ఇంతకాలం ఒక విద్య నేర్పాలనుకున్నవాడు చివరికి జైలరయ్యాడు. సాయంత్రం ఐదింటికి మొదటి దోషి రాంబాబు వచ్చాడు. ప్రిన్సిపాల్ గారి ముక్కు కిందే ముక్కలు కలిపి దొరికిపోయాడట. తల వంచుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, చీటీలు పన్నెండు కాకుండా పదహారు చేసి, నల్లవి రెండే ఉంచితే?" అని మెల్లగా అడిగాడు.

మంగళవారం ఐదుగురు దొరికారు. గురువారానికి పద్నాలుగు. పేకాటంటే తెలియని ఫస్టియర్ కుర్రాళ్ళు కూడా తలో ఇస్పేటు ఆసు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గది ముందు వరసలో నిలబడ్డారు.

ఆ నెలంతా బందరు కొట్లలో పేకముక్కలకు కరువొచ్చింది.