కిటికీ గది ధర

పొదుపే పార్టీకి ప్రాణమని, ఆ ప్రాణం నిలబెట్టే విద్య నేర్పడానికి సముద్రపు ఒడ్డున రెండు రోజుల శిబిరం పెడుతున్నామని అధ్యక్షులవారు ప్రకటించారు. ఎవరి బస ఖర్చు వారిదే. మొదటి రోజు రశీదులు చూసి, అందరికన్నా నిరాడంబరుణ్ణి పొదుపు సంఘానికి ఛైర్మన్‌ను చేస్తారు.

ఆ పదవి కోసం కార్యదర్శి ఆర్నెల్లుగా కొత్త చొక్కా కుట్టించుకోలేదు. చిన్ననాటి నేస్తం ఉపాధ్యక్షుడు ఇంకో మెట్టు పైన: ఉన్న చొక్కాకే చిరుగు పెట్టించుకున్నాడు. ఇద్దరూ ఒకే బస్సులో, పక్కపక్కనే కూర్చుని వచ్చారు.

లాడ్జిలో మిగిలినవి రెండే గదులు. ఒకదానికి సముద్రం కనబడే కిటికీ, ఇంకోదానికి జనరేటరు వినబడే గోడ. రెండూ కలిపి రోజుకు ఆరువేలు. ఎవరి వంతెంతో మీరే తేల్చుకోండి, రశీదులు విడివిడిగా రాస్తానన్నాడు గుమాస్తా.

చెరి సగమంటే కిటికీ ఎవరిదన్న పేచీ వచ్చింది. మాటా మాటా పెరిగి, మూడో తరగతిలో పోయిన పలక దాకా వెళ్లింది. చివరికి ఉపాధ్యక్షుడే ఒక నియమం కనిపెట్టాడు. ఒకడు రెండు గదులకూ ధర చెప్పాలి, మొత్తం ఆరువేలు కావాలి. రెండోవాడు నచ్చిన గది కోరుకుంటాడు. మిగిలింది ధర చెప్పినవాడిది.

"ఏది మిగిలినా ఏడవకుండా ఉండే చోట గీత గియ్యరా. అప్పుడు నేనేది కోరుకున్నా నీకు నష్టం లేదు."

కార్యదర్శి మనసుకు ఆ గీత వెంటనే తట్టింది. కిటికీకి మూడున్నర వేలు, జనరేటరుకు రెండున్నర. ఏది దక్కినా ఒకటే. కానీ గీసే చేతికి రాజకీయం తెలుసు. వీడు బస్సులో కూడా కిటికీ సీటు వదలని మనిషి. ఎంతైనా కడతాడు. బరువైన రశీదు వాడికి, పదవి తనకు.

"కిటికీ అయిదువేలు. ఇంకోటి వెయ్యి."

"వెయ్యిది నాది," అని ఉపాధ్యక్షుడు జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం అధ్యక్షులవారు రశీదులు తిరగేసి, వెయ్యి రూపాయల మహనీయుణ్ణి కౌగిలించుకున్నారు. అయిదువేలది చూసి దగ్గారు.

దండ మెడలో ఉండగానే కొత్త ఛైర్మన్ లాడ్జికి వచ్చాడు. రెండో రోజు అద్దె కట్టాలి. నిన్న ధర నువ్వు చెప్పావు కనుక ఈరోజు చెప్పే వంతు నాదన్నాడు. ధర్మమేనని కార్యదర్శి ఒప్పుకున్నాడు.

"కిటికీ ఆరువేలు. ఇంకోటి సున్నా. కోరుకోరా."

కార్యదర్శి జేబు తడుముకున్నాడు. వెయ్యి ఉంది. సున్నాది కోరుకున్నాడు.

ఛైర్మన్ ఏడవలేదు. ఆరువేల రశీదు పొదుపు సంఘం పేర రాయమని గుమాస్తాకు చెప్పి, నియమం తు.చ. తప్పక పాటించామని ఒక కాగితం రాసి, సాక్షి సంతకానికి నేస్తం ముందు పెట్టాడు. కార్యదర్శి రెండుసార్లు చదివాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. సంతకం పెట్టాడు.

ఛైర్మన్ మనసు కరిగింది. చెవుల్లో దూది తీసి నేస్తం చేతిలో పెట్టాడు.

"ఉంచుకోరా. ఇది మాత్రం నా సొంత డబ్బుతో కొన్నాను."