గట్టోళ్ళకే నీళ్ళు

ఒక పెద్ద అడవిలో రెండే ఊళ్ళు. ఒకటి గట్టు, ఒకటి పల్లం. గట్టున అంతా రాళ్ళు, పల్లంలో అంతా బురద. పెద్దపులికి బురదలో కూర్చోవడం ఇష్టం కాబట్టి సభ ఎప్పుడూ పల్లంలోనే జరిగేది.

గట్టు వాళ్ళు మాట చివర సాగదీస్తారు. ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి వినబడాలంటే సాగదీయక తప్పదు. పల్లం వాళ్ళు మాట చివర కొరికేస్తారు. నోరు ఎక్కువసేపు తెరిస్తే లోపలికి దోమలు దూరతాయి. అయితే పల్లం వాళ్ళని అడిగితే, తమకసలు యాసే లేదని చెప్పేవాళ్ళు.

ఆ రోజుల్లో 'గట్టోడు' అంటే గట్టు మీంచి వచ్చినవాడు, అంతే. వాళ్ళూ అలాగే చెప్పుకునేవాళ్ళు. "మేం గట్టోళ్ళమూ, చలికి భయపడమూ" అని పెళ్ళిళ్ళలో పాటలు కూడా పాడేవాళ్ళు.

ఇలా ఉండగా సభలో చాటింపు పదవి ఖాళీ అయింది. పులి మాట అడవంతా కేకేసి చెప్పే ఉద్యోగం. గట్టు నుంచి ఉడుము గురవమ్మ అర్జీ పెట్టుకుంది. ఆవిడ అరిస్తే అడవి ఆ చివర కుందేలు కూడా లేచి కూర్చుంటుంది. వాళ్ళ ఇంట్లో అందరూ తరతరాలుగా కేకలతోనే బతికారు. ఆ పదవి వస్తే చాలని ఆవిడ ఆశ.

సభ కార్యదర్శి నక్క పేరయ్యకి మాత్రం బామ్మర్ది చిట్టిబాబుని ఆ పదవిలో కూర్చోబెట్టాలని ఉంది. చిట్టిబాబు గొంతు వాళ్ళావిడకే సరిగ్గా వినబడదు. గొంతులో గెలవలేమని తెలిసి పేరయ్య వేరే దారి పట్టాడు.

ఒకరోజు పల్లం గేదె గోతిలో పడింది. "పాపం గేదె, చూసుకోలేదు" అన్నాడు పేరయ్య. మర్నాడు అదే గోతిలో గట్టు మేక పడింది. "గట్టోళ్ళంతే!" అన్నాడు.

అందరూ నవ్వారు. గేదె అందరికంటే గట్టిగా నవ్వింది.

ఇంక చూడండి. పల్లం వాడు తప్పు చేస్తే అది వాడి తప్పు. గట్టు వాడు తప్పు చేస్తే ఊరి తప్పు. గట్టు వాడు మంచిపని చేస్తే? "వీడు గట్టోడిలా లేడే!" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు విన్నవాడికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

పేరయ్య సాయంత్రాలు గట్టు యాస పెట్టి కథలు చెప్పేవాడు. "నేనూ... నీళ్ళూ... తాగానూ..." అని ప్రతి మాటా సాగదీసేవాడు. గట్టు మీద పుట్టినవాడెవడూ అలా మాట్లాడడు, వాళ్ళు సాగదీసేది చివరి మాటే. కానీ పల్లం పిల్లలు గట్టు వాళ్ళని వినకముందే పేరయ్యని విన్నారు. అసలు గట్టువాడు వచ్చి మాట్లాడితే, "నీకు గట్టు యాస సరిగ్గా రాదు" అని దిద్దారు.

కొన్నాళ్ళకి ఆ మాటకి ఊరితో పనిలేకుండా పోయింది. పులిసిన పండు గట్టు పండు. పల్లంలోనే పుట్టి, పల్లంలోనే ముసలైపోయిన తాబేలు ఆలస్యంగా వస్తే గట్టు తాబేలు. తల్లులు పిల్లల్ని "గట్టోడిలా తినకు" అని కసిరేవాళ్ళు. గట్టు కుర్రాళ్ళు మాట చివర కొరకడం నేర్చుకున్నారు. గురవమ్మ కూతురిని ఎవరో మీది ఏ ఊరని అడిగితే, "పల్లం పక్కన" అంది.

అది విని గురవమ్మకి కడుపు మండింది. తిన్నగా సభకి పోయింది.

"అయ్యా, ఆ మాట వద్దూ. మా పిల్లలు ఊరి పేరు చెప్పుకోలేకపోతున్నారూ."

పేరయ్య కళ్ళు పెద్దవి చేశాడు. "ఏ మాట? గట్టా? మీ ఊరి పేరేగా. తిట్టెక్కడుంది?"

"పేరు మాదే, మీరు అనే తీరే తిట్టూ."

"సరదాకన్నాం. నవ్వడం రాదా? గట్టో..." అని నాలుక్కరుచుకున్నాడు.

పులి ఆవులించింది. "గొడవెందుకు? ఇవాళ్టి నుంచి ఆ మాట నిషేధం. గౌరవంగా 'ఉన్నత ప్రాంత వాసులు' అనండి."

వారం తిరక్కుండానే పల్లం పిల్లలు జారిపడ్డ కోతిని చూసి "ఒరేయ్ ఉన్నతా!" అని అరిచారు. మాట మారింది కానీ నవ్వు మారలేదు.

చాటింపు పదవి చిట్టిబాబుకే దక్కింది. ఆయనకి యాస లేదు కాబట్టి అర్హుడన్నారు. గురవమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. సన్నగా, ఎవరికీ వినబడకుండా ఏడవడం ఆవిడకి అదే మొదటిసారి.

ఎండాకాలం వచ్చింది. గట్టున ఊటలు, పల్లంలో మడుగులు అన్నీ ఎండిపోయాయి. వాగు అవతల అడవిలో పెద్ద చెరువుంది. ఆ అడవికి పెద్ద, ఎలుగుబంటి పెద్దమ్మ. నీళ్ళడగడానికి పేరయ్య, చిట్టిబాబు బయల్దేరారు. దారంతా రాళ్ళే, అటు పోవడం గురవమ్మకే తెలుసు. అందుకని ఆవిడని కూడా రమ్మన్నారు.

అక్కడికి చేరి పేరయ్య నోరు తెరిచాడు. "దణ్ణం. నీళ్ళు కావాలి. దయచూడండి."

చెరువుగట్టు మీద జంతువులన్నీ పడీపడీ నవ్వాయి. "విన్నారా గట్టు యాస! ఎంత ముద్దుగా కొరుకుతున్నాడో!"

పేరయ్య తెల్లబోయాడు. సంగతేమిటంటే, ఆయన చెప్పిన కథలన్నిటినీ మైనాలు వాగు దాటించాయి, సాగదీత మాత్రం దాటలేదు. అవతలి వాళ్ళకి గట్టేమిటో పల్లమేమిటో తెలియదు. వాగు ఇవతల ఉన్న ప్రతివాడూ వాళ్ళకి గట్టోడే.

"అమ్మా, మేం గట్టోళ్ళం కాం. పల్లం వాళ్ళం."

"గట్టోళ్ళంతా అలాగే అంటార్లే" అంది పెద్దమ్మ.

"అలా అనకూడదమ్మా, తప్పు!"

"ఏం తప్పు? మీ ఊరి పేరేగా. సరదాకి అన్నాం. నవ్వడం రాదా నాయనా?"

పేరయ్య బలవంతంగా పళ్ళికిలించాడు.

"సరే విను. గోతుల్లో పడేవాళ్ళు పాపం, దాహంతో చావకూడదని మా సభ తీర్మానం చేసింది. గట్టోళ్ళకి నీళ్ళు ఇస్తాం. మీరు గట్టోళ్ళు కాకపోతే ఎవరో మాకు తెలియదు. వెనక్కి పొండి."

పేరయ్య చెరువు వంక చూశాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. రెండు చేతులూ జోడించాడు.

"మేమూ... గట్టోళ్ళమే... నండీ..."

"ఇది ఏ యాస? దొంగలా ఉన్నాడే" అని పెద్దమ్మ గురవమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. వీడు మీవాడేనా?"

అంతా గురవమ్మ నోటి వంక చూశారు. ఒక్క మాటలో పల్లమంతా ఎండిపోతుంది. ఆవిడకి పదవి గుర్తొచ్చింది, కూతురు గుర్తొచ్చింది. కసి తీరా కాదందామనుకుంది. అంతలో పల్లంలో నాలుకలు బయటపెట్టి పడుకున్న దూడలు గుర్తొచ్చాయి.

"మావాడేనమ్మా" అంది గురవమ్మ. "కాస్త తెలివితక్కువవాడూ. పల్లంలో పెరిగాడు కదా, పల్లపోళ్ళంతేనూ!"

చెరువుగట్టంతా ఘొల్లుమంది. గురవమ్మ నాలుక కరుచుకుందామనుకుంది కానీ, ఉడుము నాలుక రెండు చీలికలు, కుదరలేదు. పైగా ఆ నవ్వు వినడానికి ఎంత బాగుందో!

నీళ్ళు దొరికాయి. ఎవరి వంతు ఎప్పుడో కేకెయ్యడానికి చిట్టిబాబు గొంతు వాగు కూడా దాటలేదు. చాటింపు పదవి గురవమ్మకి ఇవ్వక తప్పలేదు. పల్లం వాళ్ళు ఇంటిల్లిపాదీ గట్టుకెక్కి సాగదీయడం నేర్చుకుని, మొహమాటంగా చెరువు దగ్గర వరసలో నిలబడ్డారు. మైనాలు మాత్రం కొత్త కథలతో అప్పుడే ఎగిరిపోయాయి. అవతలి అడవిలో ఒక దున్నపోతు బురదలో జారితే, పిల్లలు చప్పట్లు కొట్టి "పల్లం పని!" అని అరిచారట.

నీతి: ఎదుటివాడి ఊరిని తిట్టుగా మార్చేవాడు, తన ఊరికి ఇంకో పేరు వెతికి పెట్టుకోవడం మంచిది.