బుచ్చమ్మ బిళ్ళల డబ్బా

శాలిబండలో ప్రకాశం గారంతటి క్రమశిక్షణ గల గుమాస్తా మరొకరు లేరని సాక్షాత్తూ ప్రకాశం గారే చెబుతారు. తల్లి బుచ్చమ్మ మందులను కూడా ఆయన క్రమబద్ధం చేశారు. రేకుల్లోంచి బిళ్ళలన్నీ ఒలిపించి, ఒకే గాజుసీసాలో పోయించి, రేకులు చెత్తలో పడేయించారు. సీసా అలమరలో మహా అందంగా ఉంది. షుగరు బిళ్ళ, కాళ్ళవాపుకు నీరు తీసే బిళ్ళ రెండూ తెల్లగా, గుండ్రంగా, నడుమ గీతతో కవలల్లా ఉన్నాయన్నది చిన్న విషయం.

"గిట్ల కలిపితే ఏది ఏందో ఎట్ల ఎరుకైతది?" అంది భార్య శారదమ్మ.

"పొద్దున రెండిట్ల ఒక్కొక్కటి. గింత దానికి లొల్లి ఎందుకు?" అన్నారాయన.

ఆ శనివారం బుచ్చమ్మ ఒక్కపొద్దు. ఖాళీ కడుపుతోనే సీసాలోంచి రెండు బిళ్ళలు తీసి వేసుకుంది. రెండూ షుగరువే. శారదమ్మ వచ్చి చూసేసరికి ముసలామె చీర చెమటకు తడిసి ఉంది. చేతులు వణుకుతున్నాయి. కోడలిని ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో పిలిచింది.

ప్రకాశం గారు దిష్టి అని తేల్చారు. పక్కింటివాళ్ళు ఎండుమిరపకాయలతో సహకరించారు. శారదమ్మ మాత్రం షుగరు పడిపోయిందని పోల్చుకుని చెంబు అందుకుంది.

"మింగుతవా, అత్తమ్మా?"

బుచ్చమ్మ తలూపాక చక్కెరనీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది. మనిషి తెప్పరిల్లగానే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది.

"బాగైందని ఇంటికి తోల్కపోకుండ్రి. ఈ బిళ్ళ జోరు రేపటిదాంక ఉంటది, షుగరు మల్ల పడిపోతది" అని డాక్టరు అక్కడే ఉంచుకున్నాడు.

"మా అమ్మకు అక్షరం రాకపోవుటయే ఈ ప్రమాదమునకు మూలకారణం" అని ప్రకాశం గారు వార్డులో ప్రకటించారు. సీసాలోని బిళ్ళల మీద అక్షరమెక్కడుందని ఎవరూ అడగలేదు.

ఇంటికి రాగానే శారదమ్మ ఆ సీసాలోని బిళ్ళలన్నీ పారబోసి, కొత్త రేకులు తెప్పించింది. గల్లీలోని వడ్ల ఆయనతో చెక్క కోయించి మూతల డబ్బా చేయించింది. వారానికి ఏడు గదులు, రెండు వరుసలు. పొద్దుటి వరుస మీద సూర్యుడు, డాక్టరు కొత్తగా రాసిన రాత్రి బిళ్ళ వరుస మీద చందమామ. ప్రతి ఆదివారం భర్త డాక్టరు చీటీ చదువుతుంటే, ఒక్కో బిళ్ళను రేకుతోనే కత్తిరించి గదుల్లో వేసేది. రేకు ఉంటే చెమ్మ తగలదు. మిగిలిన రేకులు పేరు కనబడేలా వేరువేరుగా దాచేది. గది ఖాళీ అయితే బిళ్ళ వేసుకున్నట్టు. నిండుగా ఉంటే మరిచినట్టు, అప్పుడు తొందరపడి రెండు వేసుకోవద్దని అత్తకు పదేపదే చెప్పింది.

బుచ్చమ్మ మళ్ళీ తప్పు చేయలేదు. ప్రకాశం గారు మాత్రం ఆఫీసులో "నేను ప్రవేశపెట్టిన విధానము" మీద ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు అందుకున్నారు. బంధువులు డబ్బా చూడ్డానికి రావడం మొదలైంది. మూతలెత్తి, ఖాళీ గదులు చూసి, "అమ్మ మస్తుగున్నది" అని తేల్చుకుని, బుచ్చమ్మ ఉన్న పక్కగదిలోకి తొంగి చూడకుండానే ప్రకాశం గారిని అభినందించి వెళ్ళేవారు.

ఒకరోజు అట్లా వచ్చినవాళ్ళు చెప్పులేసుకుంటుంటే, లోపలినుంచి బుచ్చమ్మ కేకేసింది:

"శారదా, గా డబ్బాకు చాయ్ పొయ్యి బిడ్డా! దాన్ని చూడనీకె పాపం గంత దూరంకెల్లి వచ్చిండ్రు!"