పద్నాలుగో ప్రశ్నలోని పెద్దాయన

లెయ్‌మారా కొబ్బరి కోరుతూనే ఆ సాయంత్రాన్ని మనసులో ముక్కలుగా పంచుకుంది. చిన్నపిల్లల పుళ్ళకు కొంతసేపు, ముసలమ్మల రక్తపోటుకు కొంతసేపు, రోగికీ రోగికీ మధ్య దొరికే సందులో క్షయ పాఠం. పరీక్ష నెలాఖరుకే. నెగ్గితే ఊరి ఆరోగ్య గదికి ఆమే బాధ్యురాలు అవుతుంది. తప్పితే పెద్ద ద్వీపం నుంచి ఎవరినో పంపుతారు, ఇన్నేళ్ళుగా కట్లు కట్టిన చేతులతో ఆమె ఆ ఎవరికో బకెట్‌లో నీళ్ళు పోస్తూ ఉండాలి.

"పైకి చదవకపోతే నీకు ఎక్కదా?" అన్నాడు భర్త జోయెల్, లాప్‌లాప్ దుంపల వంటకం చుట్టడానికి అరటాకులు తుడుస్తూ. "నిన్న నిద్రలో కూడా కాన్పు పాఠం అప్పజెప్పావు. నేను భయపడి లేచి వేడినీళ్ళు పెట్టాను."

"ఎక్కదు. నోరు కదిలితేనే బుర్ర కదులుతుంది నాకు."

ఆ సాయంత్రం ఆరోగ్య గదిలో పగడపు రాయి కోసిన పాదాన్ని ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టింది. ఒక పాపకు జ్వరం చూసి, మలేరియా పరీక్షకు వేలి కొన నుంచి చుక్క రక్తం తీసింది. పరీక్ష పట్టీ మీద గీత రావడానికి కొంచెం సమయం పడుతుంది. తల్లీ పాపా బయట చెట్టు కింద కూర్చున్నారు. ఆ సందులో లెయ్‌మారా పుస్తకం తెరిచి గోడవైపు తిరిగి గట్టిగా మొదలుపెట్టింది.

"రోగి అరవై ఏళ్ళ గ్రామపెద్ద. మూడు వారాలుగా దగ్గు. రాత్రిళ్ళు చెమటలు. బరువు తగ్గాడు. ఏమని అనుమానించాలి? క్షయ! ఏం చేయాలి? కఫం పరీక్షకు పంపాలి. ఎవరికి చెప్పాలి? రోగికి తప్ప ఎవరికీ చెప్పకూడదు!"

ఆ గోడ వెదురు తడిక. తడిక అవతల బల్ల మీద కల్పోయ్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఊరిలో వార్త పుట్టినచోట ఆయన ఉంటాడు, లేదా ఆయన ఉన్నచోట వార్త పుడుతుంది. లెయ్‌మారా ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడుతోందనుకున్నాడు. దగ్గుమందు కోసం వచ్చినవాడు దాని సంగతే మరిచి లేచాడు. ఎవరికీ చెప్పకూడదట పాపం, అనుకుంటూ నలుగురికి మాత్రమే చెప్పాడు.

చీకటి పడే వేళకు ఊరి మగవాళ్ళు కూడే నకమల్‌లో మత్తిచ్చే కావా వేరు రసం పోశారు. ఎప్పుడూ ఒకే కొబ్బరిచిప్ప చేతులు మారేది. ఆ రోజు ఒక్కొక్కడూ సొంత చిప్ప తెచ్చుకున్నాడు. ఒకడు ఇంట్లోంచి టీ కప్పే తెచ్చాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు ఊరిపెద్ద తరివేర్, పొగకు దగ్గుతూ.

"కొత్త పద్ధతి, పెద్దయ్యా," అన్నారంతా ఒకేసారి. ఆ దగ్గు విని మరింత దుఃఖపడ్డారు.

మర్నాడు ఊరిపెద్ద ఇంటికి చేమదుంపలు వచ్చాయి, కోళ్ళు వచ్చాయి. తరివేర్ మురిసిపోయాడు. "చూశావా, ఊరికి నా మీద ఎంత గౌరవమో," అన్నాడు భార్యతో. సాయంత్రానికి చాపలు వచ్చాయి. చావుకు పరిచే చాపలు, కొసలకు ఎర్రరంగు అద్దినవి. మురిపెం కొంచెం తగ్గింది. ఆ తర్వాత అవతలి ఊళ్ళో ఉండే అక్కగారు పడవ దిగి, ఒడ్డు నుంచే శోకాలు పెడుతూ వచ్చింది.

"అక్కా, నేనిక్కడే కూర్చున్నాను కదే!"

"ఇంకా కూర్చోగలుగుతున్నావా నా తండ్రీ!" అని ఆమె మరింత ఏడ్చింది.

అప్పుడు అసలు మాట బయటపడింది. అక్కగారు తనకు ఎవరు చెప్పారో చెప్పింది, వాళ్ళు తమకు ఎవరు చెప్పారో చెప్పారు, దారి తిన్నగా ఆరోగ్య గదికి చేరింది. సరిగ్గా ఆ రోజే మందుల పెట్టెలతో పర్యవేక్షకురాలు లెయ్‌సావ్ పడవ దిగింది. ఆమె సంతకం లేకపోతే లెయ్‌మారా పరీక్షకే కూర్చోవడానికి లేదు.

తరివేర్ కర్ర నేలకు కొట్టాడు. "మీ అమ్మాయి నన్ను బతికుండగానే చాప మీద పడుకోబెట్టింది. నేను ఆమె దగ్గరికి వెళ్ళనే లేదు, నా జబ్బు ఊరంతా చాటింది!"

లెయ్‌సావ్ ముఖం బిగిసింది. "రోగి గుట్టు బయటపెట్టావా? నిజమైతే నీ పేరు కొట్టేయడం తప్ప నాకు దారి లేదు."

"ఏ గుట్టండీ? ఏ రోగి?" లెయ్‌మారా అడిగింది.

"అరవై ఏళ్ళ గ్రామపెద్ద, మూడు వారాల దగ్గు," అన్నాడు కల్పోయ్, సాక్షికి ఉండాల్సిన గంభీరతతో. "రాత్రి చెమటలు కూడా. నా చెవులతో విన్నాను."

లెయ్‌మారా పరుగున వెళ్ళి పుస్తకం తెచ్చి పద్నాలుగో ప్రశ్న చూపించింది. లెయ్‌సావ్ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ప్రశ్న రాసింది ఆమే. రోగి ఎవరైతే చదివేవాళ్ళు నిద్రపోకుండా ఉంటారా అని ఆలోచించి, గ్రామపెద్దను పెట్టింది.

"మరి నాకు జబ్బు లేదా?" అన్నాడు తరివేర్.

"ప్రశ్నలో ఆయనకు ఉంది, మీ సంగతి తెలియదు. మీ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?" అంది లెయ్‌మారా. పేరు నిలబడగానే ఆమె గొంతు కూడా పెరిగింది. "ఇంకో మాట. ఆ జబ్బు చిప్పలో ఉండదు, గాలిలో వస్తుంది. మీరు చిప్పలు వేరు చేసుకుని, తలుపులు మూసి, ఒకరి మొహం మీద ఒకరు దగ్గుతున్నారు."

టీ కప్పు తెచ్చినవాడు దాన్ని మెల్లగా వెనక దాచుకున్నాడు.

తన ఊపిరితిత్తుల పరువు ఊరి ముందే నిలబెట్టుకోవాలని తరివేర్ పట్టుబట్టాడు. రెండు వారాలు దాటి దగ్గేవాళ్ళందరూ కఫం ఇవ్వాలని ఆజ్ఞ ఇచ్చాడు. మొదట ముందుకొచ్చింది కల్పోయే. "నాది చుట్ట దగ్గు. పుట్టినప్పట్నుంచీ ఉంది. పెద్దయ్య ఒక్కడే ఇస్తే చిన్నతనం కదా, తోడుగా నేనూ ఇస్తా."

"ఉమ్మి కాదు బాబాయ్, లోపల్నుంచి రావాలి. పొద్దున లేస్తూనే, ఇంటి బయట గాలిలో నిలబడి," అని లెయ్‌మారా ఒక్కొక్కరికీ మూత బిగిసే డబ్బా ఇచ్చింది. డబ్బాల మీద పేర్లు రాసి, మంచు పెట్టెలో సర్ది పడవ ఎక్కించింది.

ఫలితం ఆమె ఫోన్‌కు వచ్చింది, ఆమెకు మాత్రమే. పెద్దాయన కఫంలో ఏమీ లేదు. ఆయనకు అది పొగ దగ్గే. వచ్చిన డబ్బాల్లో ఒక్కదానిలోనే క్షయ దొరికింది.

లెయ్‌మారా కల్పోయ్‌ను ఇంటికి పిలిచి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. ఆయన ముందు తలుపు చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు.

"అమ్మాయ్, ఈ గోడ... తడికేనా?"

"లేదు బాబాయ్, సిమెంటు. భయపడకు, నయమవుతుంది. ఆరు నెలలు, ఒక్కరోజు తప్పకుండా, నా కళ్ళముందే మాత్రలు మింగాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు. పిన్నికీ పిల్లలకీ కూడా చూడాలి. ఊళ్ళో ఇల్లిల్లూ చూస్తున్నానని చెప్తాను."

"ఎవరికీ..."

"రోగికి తప్ప ఎవరికీ చెప్పకూడదు," అంది ఆమె, పుస్తకంలో ఉన్నట్టే.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. లెయ్‌మారా ఒక్కసారి కూడా పెదవి కదపకుండా జవాబు రాసి నెగ్గింది. ఊరు మాత్రం కుతూహలంతో ఉడికిపోయింది. ఇల్లిల్లూ చూస్తోందంటే ఎవరికో వచ్చినట్టే, ఎవరికి? రోజూ అందరూ కల్పోయ్‌నే పట్టుకున్నారు.

"నువ్వే చెప్పాలి బాబాయ్, నీకు తెలియకుండా ఉంటుందా?"

"నాకేం తెలుసురా," అనేవాడు ఆయన. ఆయన నోట ఆ మాట ఎవరూ అంతకు ముందు వినలేదు. కబురు నిజంగా చాలా పెద్దదే అయి ఉంటుందని ఊరు నిర్ధారించుకుంది.

రోజూ తెల్లవారుతూనే ఆయన ఇళ్ళ వెనక దారిన లెయ్‌మారా ఇంటికి వచ్చేవాడు. మాత్రలు అరచేతిలో పోసుకుని, నీళ్ళతో మింగి, నాలుక చాపి చూపించేవాడు. ఒక ఉదయం అటుగా పోతున్న తరివేర్ తలుపు దగ్గర ఆగి, "ఏం కల్పోయ్, ఊళ్ళో విశేషాలేంటి?" అన్నాడు.

కల్పోయ్ నోరు తెరిచాడు. లెయ్‌మారా వైపు చూశాడు. నోరు మూసుకుని, టోపీ పెట్టుకుని, ఒక్క మాట లేకుండా ఇంట్లోంచి బయటికి నడిచాడు.

మాత్రల పెట్టె మీద రాసిన దుష్ప్రభావాల్లో ఇది మాత్రం లేదు.