తెరుచుకోని యాప్‌కు కృతజ్ఞతలు

పరీక్ష రిజిస్ట్రేషన్ యాప్ ఆఖరి గంటలో పడిపోవడం వరం! దయచేసి దాన్ని బాగు చేయమని ఎవరూ అడగకండి. బాగైతే నష్టపోయేది మనమే.

నమ్మరా? మా మేనకోడలి సంగతి వినండి.

ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటి వరకు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. పిల్ల వివరాలన్నీ నింపింది. మిగిలింది ఫొటో ఒక్కటే. గ్యాలరీలోంచి ఎంచుకుంది. యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచింది. తన పేరు కనిపించింది, వెంటనే మళ్లీ మూసుకుపోయింది.

అంతే, కుటుంబం కలిసిపోయింది! మా బావ ఆఫీసులో సెలవు పెట్టి వచ్చాడు. మా అక్క ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది, సిగ్నల్ కోసమట. పక్కింటి టైలరు మెడలో టేపుతోనే వచ్చాడు. మా బావకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంతమంది రాలేదు. ఏ సంక్షేమ పథకం ఇళ్లను ఇలా కలుపుతుంది?

బావ తన ఫోన్‌లో యాప్ ఎక్కించి చూశాడు. లాగిన్‌కు ఓటీపీ రావాలి. గడువు దగ్గరపడి ఊరంతా అదే పని మీద ఉంది. ఓటీపీ రాలేదు.

"అయితే నీ ఫోన్‌లోది తీసేసి మళ్లీ ఎక్కించమ్మా," అన్నాడు బావ.

"అంకుల్, ముట్టుకోకండి!"

గుమ్మంలో మేనకోడలి స్నేహితురాలు. పాడైన ఫోన్లు చూస్తుంటుందని కాలేజీలో డాక్టరమ్మ అంటారు. చెప్పులు విడవకుండానే లోపలికొచ్చింది.

"తీసేస్తే నింపిందంతా పోతుంది. సబ్మిట్ చేయలేదు కాబట్టి అది ఈ ఫోన్‌లోనే ఉంది. మళ్లీ లాగిన్ కావాలంటే ఓటీపీ. అది వస్తోందా?"

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం చేస్తుంటే పడిపోయిందే?" అంది డాక్టరమ్మ. ఇంతమందిలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

"ఫొటో పెడుతుంటే. అన్నయ్య కొత్త ఫోన్‌తో తీశాడు. పన్నెండు ఎంబీ."

"పాస్‌పోర్టు ఫొటో అడిగితే హోర్డింగు ఇచ్చావా తల్లీ!"

రోగం ఇదీ. యాప్‌కు కావలసింది యాభై కేబీ లోపు ఫొటో. పెద్దదిస్తే వద్దనాలి. అనదు. మొత్తం ఫొటోను మెమరీలోకి లాక్కుంటుంది, చోటు చాలక మూసుకుపోతుంది. ఆలోగా 'ఫొటో ఫలానా చోట ఉంది' అని డ్రాఫ్టులో గుర్తు పెట్టుకుంటుంది. అందుకే తెరిచిన ప్రతిసారీ అదే ఫొటోను చూపించబోయి అక్కడే పడుతుంది.

"యాప్ దగ్గరున్నది అడ్రసే, ఫొటో కాదు," అంది డాక్టరమ్మ. "ఆ అడ్రసులో ఎవరూ లేకపోతే ఊరుకుంటుంది."

ఫొటోను చాట్‌లో తన ఫోన్‌కు పంపించుకుంది. చాట్ దాన్ని ఎలాగూ కుదిస్తుంది. భుజాల వరకు కత్తిరించి, సైజు తగ్గించి నలభై కేబీకి తెచ్చింది. చాట్ మళ్లీ కుదించకుండా డాక్యుమెంటుగా వెనక్కి పంపింది. తర్వాత మేనకోడలి గ్యాలరీలో పెద్ద ఫొటోను డిలీట్ చేసి, చెత్తబుట్టలోంచి కూడా తీసేయబోయింది.

"అయ్యో, అంత బాగా వచ్చిన ఫొటో!" అంది మా అక్క.

"ఆంటీ, ఫొటో కావాలా, పరీక్ష కావాలా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. డాక్టరమ్మ బొటనవేలు నొక్కింది.

యాప్ తెరుచుకుంది. నింపిన వివరాలన్నీ ఉన్నాయి. ఫొటో గడి ఖాళీ! చిన్న ఫొటో పెట్టారు. సబ్మిట్ నొక్కారు. తెర మీద చక్రం తిరిగింది. టైలరు టేపును పిడికిట్లో చుట్టుకున్నాడు. దరఖాస్తు నంబరు వచ్చింది. ఐదు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. మేనకోడలు ఏడ్చింది. మా బావ మాత్రం కంట్లో నలక పడిందన్నాడు.

చూశారా? యాప్ సరిగా పనిచేసి ఉంటే ఆ పిల్లకు దొరికేది రసీదు. పనిచేయలేదు గనుక తనవాళ్లెవరో తెలిసింది!

విలేకరిని కదా, కొన్ని వారాల తర్వాత కృతజ్ఞతలు చెబుదామని పరీక్షల కార్యాలయానికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ వైద్యంతో సహా జరిగిందంతా విని అధికారి సంతోషించారు.

"మా యాప్ మీద ఒక్క ఫిర్యాదూ లేదండీ," అన్నారు.

"ఫిర్యాదు ఎక్కడ చేయాలండీ?"

"యాప్‌లోనే. తెరవగానే కుడివైపు ఉంటుంది."

నేను అభినందించాను. ఫోన్ పెట్టేయబోతుంటే ఆయన గొంతు తగ్గించారు.

"హాల్‌టికెట్లు కూడా అందులోనే ఇస్తున్నాం. మా అన్నయ్య కూతురికి యాప్ తెరుచుకోవడం లేదండీ. ఆ డాక్టరమ్మ నంబరు కాస్త ఇప్పిస్తారా?"

ఇచ్చాను. ఆ యాప్‌కున్న హెల్ప్‌లైన్ అదొక్కటే మరి! ఒక్కటే దిగులు. డాక్టరమ్మ కూడా అదే పరీక్ష రాయాలి. ఫోన్ ఎత్తుతూ కూర్చుంటే ఎప్పుడు చదువుతుంది?