ఫ్రీ సైజు కవిత

ఆ శనివారం కవిగారి కార్యక్రమంలో పెద్ద చిక్కేమీ లేదు. పొద్దున్న కవితను ఒకసారి చదువుకోవాలి, పదింటికి అచ్చు వేయించాలి, పన్నెండింటికి ఫ్రేము కట్టించాలి, సాయంత్రం అయిదింటికి స్కూల్లో వదిన రిటైర్మెంటు సభలో చదివి చేతిలో పెట్టాలి. కవిగారంటే నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. కవి అన్న పేరు ఆఫీసు వాళ్ళు పెట్టింది. అందులో పొగడ్త పాలెంతో ఆయన ఎన్నడూ విచారించలేదు.

వదినకు ఒక కవిత బాకీ ఉండి నాలుగేళ్ళయింది. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. పేగు ఆపరేషనై ఆసుపత్రిలో పడి ఉంటే, అన్న ఎక్కడో దూరాన ఉద్యోగంలో ఉంటే, దగ్గర కూర్చున్నది వదిన ఒక్కతే. ఆవిడకు కృతజ్ఞత చెప్పడం అంత తేలిక కాదు. ఎవరైనా "నీ మేలు..." అని మొదలుపెడితే చాలు, "స్టవ్ మీద పాలు పెట్టాను" అంటూ లేచిపోతుంది. సభలో ముందు వరసలో కూర్చోబెడితే ఎక్కడికి పోతుందని కవిగారి ధీమా. సోమవారం ఆవిడ తన భర్త దగ్గరికి వెళ్ళిపోతోంది. అంటే ఇవాళ చెప్పకపోతే ఇక ఉత్తరాల్లోనే.

ఆయన భార్య బట్టలు ఆల్టరేషన్ చేస్తుంది. ముందుగదిలోనే మిషను. ఆవిడ ఎవరిదో ప్యాంటు నడుము విప్పుతుండగా కవిగారు గొంతు సవరించుకుని అందుకున్నారు.

"ఓ కరుణా సింధూ! ఓ మమతల మందిరమా!
నీ త్యాగాల తీరంలో నేనొక చిన్ని అలను...
నా చీకటి బతుకున వెలిగిన దివ్య జ్యోతివి!
కన్నీటి కడలి దాటించిన దేవతవు నీవు!"

ఇలా ఇరవై నాలుగు పంక్తులు. చివర "ఏమిచ్చి తీర్చుకోను నీ ఋణం!!!" అని మూడు ఆశ్చర్యార్థకాలు.

భార్య దారం కొరికి, "బాగుంది. ఎవరి మీదండీ?" అంది.

కవిగారికి గుండెలో గునపం దిగినట్లయింది. "ఎవరి మీదేమిటి? వదిన మీద!"

"వదినగారు ఎక్కడున్నారు అందులో?"

అంతలో గుమ్మంలో ముక్కు చీదిన శబ్దం. మోటారు స్విచ్ వేయమని చెప్పడానికి మేడ దిగివచ్చిన, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ, కవిత మొత్తం విని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ట్యాంకు ఎండిపోయినప్పుడు రెండు బిందెలు పంపాను. దానికే ఇంత గుర్తు పెట్టుకున్నావా బాబూ!"

"అది కాదండీ, ఇది సాయంత్రం స్కూల్లో చదవాల్సినది..."

"అందరి ముందూనా!" అని ఇంటావిడ ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, గుండెలకు హత్తుకుని మేడెక్కింది. మోటారు సంగతి మరిచిపోయింది. కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి దగ్గర కాగితం లాక్కోవడం కవిగారికి చేతకాలేదు.

కవిత ఎలాగూ కంఠతా వచ్చు. ప్రింటు షాపుకు వెళ్ళి చెబుతుంటే షాపాయన టైపు చేశాడు. పన్నెండో పంక్తికి ఆగిపోయాడు. "మా మేనత్త సంగతి మీకెవరు చెప్పారు సార్?" అన్నాడు. ఎవరూ చెప్పలేదన్నా నమ్మలేదు. తన కోసం ఒక కాపీ తీసి అద్దాల తలుపుకు అంటించాడు. రెండో కాపీ మిషన్లోంచి బయటికి వస్తూండగానే వెనకనుంచి ఒక చేయి దాన్ని అందుకుంది.

ఆ చేయి ఆఫీసు సూపర్నెంటుది. బదిలీ కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చారు. కళ్ళద్దాలు సవరించుకుని ఆసాంతం చదివారు. పధ్నాలుగేళ్ళలో కవిగారి ఫైలు ఒక్కటీ అంత శ్రద్ధగా చదివిన మనిషి కారు.

"నా ట్రాన్స్‌ఫర్ సంగతి అప్పుడే తెలిసిపోయిందన్నమాట. దేవత అన్నది కాస్త ఎక్కువైందయ్యా. మిగతాదంతా నిజమే. ఎక్కడ చదువుతున్నావు?"

"స్కూల్లో సార్, అయిదింటికి. కానీ అది..."

"సర్‌ప్రయిజా? నేనేమీ విననట్టే ఉంటాలే." సూపర్నెంటు కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంకో కాపీ తీయించే ధైర్యం లేక, పదకొండింటికి కవిగారు వట్టి చేతులతో ఇల్లు చేరారు. జరిగిందంతా విన్న భార్య నవ్వలేదు. అది ఆవిడ గొప్పతనం. ప్యాంటు పక్కన పెట్టి, "ముగ్గురికీ సరిపోయింది కదా. అలాంటిదాన్ని మేము ఫ్రీ సైజంటాం. అందరికీ పడుతుంది, ఎవరికీ కుదరదు. రండి, కొలతలు తీసుకుందాం," అంది.

"కవితకు కొలతలేమిటి?"

"దివ్య జ్యోతి అన్నారు. ఆ గదిలో దీపం ఎలా ఉండేది?"

కవిగారు ఆలోచించారు. "ట్యూబ్‌లైటు. అదీ కొట్టుకుంటూ ఉండేది."

"కన్నీటి కడలి? ఎవరు ఏడ్చారు?"

"ఎవరూ ఏడవలేదు. వదిన అసలే ఏడవలేదు. చీటీలు రాసుకుంటూ కూర్చుంది."

"ఏం చీటీలు?"

అప్పుడాయన చెప్పారు. వదిన స్కూలు ల్యాబులో అటెండరు. ముప్ఫై ఏళ్ళు సీసాలకు చీటీలు అంటించిన చేయి. ఆసుపత్రిలోనూ ఊరుకోలేదు. ఆయన గ్లాసుకు చీటీ, చెప్పులకు చీటీ, దువ్వెనకు చీటీ. చెబుతూ చెబుతూ ఆయన గొంతు మారింది. పొద్దున్న ఇరవై నాలుగు పంక్తులు చదివినప్పుడు మారని గొంతు. భార్య అది కనిపెట్టింది.

"మొదట రాసిన కాగితం ఉందా?"

ఉంది. ఆసుపత్రి ఫైల్లో, ఎక్స్‌రే కవరు వెనక. డిశ్చార్జి చీటీ వెనకవైపు వంకర అక్షరాల్లో మూడే పంక్తులు: "గ్లాసు మీద నా పేరు. వదిన రాసింది. నేను బతికే ఉన్నాను."

ఆ మూడూ ఇరవై నాలుగు ఎలా అయ్యాయో కవిగారు తల దించుకుని ఒప్పుకున్నారు. గ్లాసు అన్న మాట కవితలో ఏం బాగుంటుందని మొదటి ఏడాది అమృత కలశం చేశారు. కలశం మీద చీటీ అతకదు కాబట్టి చీటీ తీసేశారు. చీటీ పోయాక పేరు దేనిమీద ఉంటుంది? అదీ పోయింది. ఖాళీ అయిన చోటల్లా "ఓ" పెట్టుకుంటూ వచ్చారు. మెరుగు పెట్టిన ప్రతిసారీ వదిన ఒక అడుగు వెనక్కి వెళ్ళి, ఆఖరికి గది దాటిపోయింది.

"అయితే కుట్లు విప్పుదాం," అంది భార్య.

కవిగారు రెట్టించిన ఉత్సాహంతో కూర్చుని అరగంటలో నలభై పంక్తులు రాశారు. సెలైను సీసా, ఫ్యాను రెక్కలు, పక్క మంచం ముసలాయన దగ్గు, డాక్టరు బూట్లు, ఏదీ వదల్లేదు. భార్య చదివి, "ఇది డిశ్చార్జి సమ్మరీ అండీ," అంది. "వివరాలన్నీ గుమ్మరిస్తే పొద్దుటి జబ్బు పోయి ఇంకోటి వచ్చింది. వదినగారి చేయి తగిలినవి ఉంచండి. మిగతావి గుడ్డ ముక్కలు."

అలా చూస్తే మూడే మిగిలాయి. చీటీ, సంతకం, కుర్చీ. ఫ్యాను రెక్కల కోసం కవిగారు కాసేపు పోట్లాడి ఓడిపోయారు. ఆ తర్వాత ఇద్దరూ పైకి చదువుకుంటూ, నాలుక తడబడిన చోట పంక్తి విరిచారు. "నా మనసు పులకించె" అన్నది కొట్టేశారు, ఎందుకంటే అప్పుడు ఆయనకు మనసు పులకించలేదు, దాహం వేసింది. చివరికి ఋణం దగ్గర పేచీ వచ్చింది.

"అది తీసేస్తే నా కృతజ్ఞత ఎలా తెలుస్తుంది?"

"ఇంటికొచ్చిన రోజు ఏమనిపించింది?"

కవిగారు ఒక మాట చెప్పారు. భార్య కళ్ళు తుడుచుకుని, "అదే రాసి ఆపేయండి. దాని మీద ఇంకో కుట్టు వేయొద్దు," అంది. ఆ క్షణాన ఆయనకు ఇంకో కవిత బాకీ పడ్డట్టు అర్థమైంది. ఈసారి నాలుగేళ్ళు ఆగకూడదనుకున్నారు.

అయిదింటికి స్కూలు హాలు చూసి కవిగారు తలలు లెక్కపెట్టుకున్నారు. యాభై మందికి వేసిన కుర్చీల్లో డెబ్బై మంది ఉన్నారు. రెండో వరసలో ఇంటావిడ పట్టుచీరలో, ఇద్దరు చెల్లెళ్ళతో. మూడో వరసంతా నీళ్ళ సరఫరా ఆఫీసు. తన వీడ్కోలు సభ అనుకున్న సూపర్నెంటు ఏమీ తెలియనట్టు నటిస్తూ కూర్చున్నారు. ఎవరూ తేకపోతే బాగుండదని ఒక గులాబీల దండ ఆయనే తెప్పించి పక్కనున్న ప్యూను ఒళ్ళో పెట్టించారు. వేదిక మీద హెడ్మాస్టరు ల్యాబు అటెండరు సేవల గురించి మాట్లాడుతుంటే, పరిచయం కాస్త పెద్దదైందని సూపర్నెంటు ముఖంలో అసహనం కనబడింది.

కవిగారు మైకు దగ్గరికి రాగానే ముందు వరసలో వదిన లేచింది. "ల్యాబులో బర్నరు ఆర్పానో లేదో చూసొస్తాను," అని పక్కావిడకు చెప్పి తలుపు వైపు నడిచింది. ధీమా అంతా గాలికి పోయింది. కవిగారు నమస్కారాలు, సంబోధనలు మానేసి గబగబా చదవడం మొదలుపెట్టారు.

"కళ్ళు తెరిచాక మొదట కనిపించింది
గ్లాసు. దాని మీద చీటీ.
చీటీ మీద నా పేరు,
కింద: వేడినీళ్ళు. ఆరు గంటలవి. ఊదుకొని తాగు."

వదిన తలుపు దగ్గర ఆగిపోయింది.

"మీరేమవుతారని నర్సు అడిగితే
సంతకం ఎక్కడ పెట్టాలని అడిగావట.

పదకొండు రోజులు నువ్వు కూర్చున్న కుర్చీకి
ఒక కాలు పొట్టి.
నువ్వు కదిలినప్పుడల్లా టక్కుమనేది.

ఇంటికొచ్చిన రోజు
ఆ చప్పుడు లేక
నిద్ర పట్టలేదు."

వదిన తలుపు దగ్గర్నుంచి నెమ్మదిగా వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"పదకొండు కాదు, పన్నెండు," అంది. "మొదటి రోజు నీకు తెలివి లేదు." కుర్చీలో సర్దుకుని, "దిద్దుకుని ఇంకోసారి చదువు నాయనా. మొదట్లో నడుస్తూ ఉన్నాను, సరిగా వినపడలేదు," అంది.

కవిగారు జేబులోంచి పెన్ను తీసి, పదకొండు కొట్టేసి పన్నెండు వేశారు. మళ్ళీ చదివారు. ఈసారి వదిన కొంగు కళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఎక్కడా పాలు పొంగలేదు.

అప్పుడు మూడో వరసలో సూపర్నెంటు లేచారు. ఆయన ప్యూను ఒళ్ళోని దండ తీసుకుని, నాలుగడుగులు ముందుకు వేసి, దాన్ని వదిన చేతుల్లో పెట్టారు. "మా అక్క కూడా ఇలాగే ఒకసారి..." అని ఏదో చెప్పబోయి మధ్యలోనే వెనక్కి వచ్చారు. దారిలో కవిగారి భుజం తట్టి, "పొద్దుటిది నా దగ్గరే ఉంచుకుంటా," అన్నారు. ఇంత మంచి మనిషికి నిజంగానే ఒక కవిత రాయాలని కవిగారికి మొదటిసారి అనిపించింది. వెనక వరసలో నించున్న భార్య వైపు చూసి రెండు చేతులూ జోడించారు. ఆవిడ మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చింది.

జనం వెళ్ళిపోతుండగా ఇంటావిడ దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించింది.

"ఏమనుకోకు బాబూ, నాకు రాసిందే బాగా కుదిరింది. పాపం, మీ వదినగారి దాంట్లో ఒక్క దేవత కూడా లేదు."